లాకిన్ ఎప్పటితో తీరుతుంది? ఓనరు గారికి ఒక ఉత్తరం

అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టే రోజు అందరూ హడావుడిలోనే ఉంటారు. అడ్వాన్సు ఇచ్చేశాం, సామాను లారీకి చెప్పేశాం, బ్రోకరు పెన్ను చేతిలో పెట్టి ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తుంటాడు. అద్దె ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఆధార్ నంబరు సరిగ్గా పడిందా అని చూసుకుంటాం. నాలుగో నంబరు దగ్గర ‘లాకిన్ పీరియడ్ ఆరు నెలలు’ అని కనబడితే అదేమిటని అడుగుతాం. ‘అది అందరికీ ఉండేదేనండీ, ఊరికే పేరుకి’ అని జవాబొస్తుంది. సంతకం పెట్టేస్తాం.

అగ్రిమెంటు మొత్తంలో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎక్కువ గొడవ తెచ్చేది ఆ ఒక్క షరతే. చాలా కాగితాల్లో దాన్ని ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. ఆ వాక్యాలు చెప్పనిదేమిటో ఓనరు గారిని రాతలో అడిగి తెలుసుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాసం.

లాకిన్ అంటే, ఫలానా కాలం పూర్తయ్యేదాకా ఒప్పందం నుంచి మధ్యలో తప్పుకోకూడదన్న షరతు. ఓనరు వైపు నుంచి చూస్తే ఇది అన్యాయమేమీ కాదు. అద్దెకు దిగినవాళ్లు మూడో నెలలోనే వెళ్లిపోతే మళ్లీ రంగులు వేయించాలి, మళ్లీ టూలెట్ బోర్డు పెట్టాలి, కొత్తవాళ్లు దొరికేదాకా ఫ్లాటు ఖాళీగా ఉంచి అసోసియేషన్‌కు మెయింటెనెన్సు కట్టాలి. ఈ నష్టానికి అడ్డుకట్టగా ఆరు నెలలు అడుగుతారు. ఇబ్బందల్లా ఆ ఆరు నెలలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కాగితం చెప్పకపోవడంలో ఉంది.

కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అద్దె నెలకు 24,000 రూపాయలు, రెండు నెలల అద్దె అడ్వాన్సు, అంటే 48,000. అగ్రిమెంటు పదకొండు నెలలకు. సంతకాలు మే 18న అయ్యాయి. అద్దె జూన్ 1 నుంచి అని రాసుకున్నారు. కానీ రంగుల పని తెమలక తాళాలు జూన్ 9న చేతికొచ్చాయి. ఓనరు మంచివాడు, ఆ ఎనిమిది రోజుల అద్దె వద్దన్నాడు. నాలుగో షరతు ఇలా ఉంది: ‘ఈ ఒప్పందానికి ఆరు నెలల లాకిన్ ఉంటుంది. ఈలోపు అద్దెదారు ఖాళీ చేస్తే మిగిలిన లాకిన్ కాలానికి అద్దె చెల్లించాలి.’ తొమ్మిదో షరతు: ‘ఇరుపక్షాలలో ఎవరైనా ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఒప్పందం రద్దు చేసుకోవచ్చు.’

సెప్టెంబరు వచ్చేసరికి అద్దెదారుకు పుణె బదిలీ కబురు అందింది. డిసెంబరు మొదటివారంలో అక్కడ చేరాలి. ఆరు నెలలు నవంబరుతో అయిపోతాయి కదా, నవంబరు ఆఖరున ఖాళీ చేస్తే పేచీ ఉండదు అనుకున్నాడు. అయితే ఆ రెండు షరతులను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క అంత తేలికగా తెగదు.

జూన్ 1 నుంచి లెక్కేస్తే లాకిన్ నవంబరు 30తో తీరుతుంది. లాకిన్ నడుస్తుండగానే నోటీసు ఇవ్వవచ్చనుకుంటే, అక్టోబరు ఆఖరున నోటీసిచ్చి నవంబరు 30న తాళాలు అప్పజెప్పవచ్చు. పైసా అదనంగా పడదు. లాకిన్ తీరాకే నోటీసు ఇవ్వాలని ఓనరు అంటే, డిసెంబరు 1న నోటీసిచ్చి డిసెంబరు 31న ఖాళీ చేయాలి. పుణెలో ఒక అద్దె, ఇక్కడ ఇంకో 24,000. ఇక ‘మీరు దిగింది జూన్ 9న, అద్దె కూడా అప్పటినుంచే కదా కట్టారు’ అని ఓనరు పట్టుబడితే లాకిన్ డిసెంబరు 8 దాకా సాగుతుంది. ఆ తర్వాత నెల నోటీసంటే జనవరి రెండో వారం. అదనపు భారం 30,000 దాటుతుంది. ఓనరు మంచితనంతో వదిలేసిన ఎనిమిది రోజుల అద్దే ఇప్పుడు తేదీల తగాదాకు మూలమవుతుంది. సంతకం చేసిన మే 18 నుంచే లెక్క అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు నవంబరు 17నే తీరిపోతుంది. కాగితం ఒక్కటే అయినా తేదీలు మూడు వస్తున్నాయి. వీటిలో ఏ లెక్కనూ తెలివితక్కువదని కొట్టిపారేయలేం.

ఇంకో చిక్కుంది. నాలుగో షరతు అద్దెదారు ఖాళీ చేస్తే ఏమవుతుందో చెప్పింది గానీ ఓనరే ఖాళీ చేయమంటే ఏమిటో చెప్పలేదు. తొమ్మిదో షరతు ‘ఎవరైనా’ అంది. అంటే ఓనరు మూడో నెలలో ‘మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, నెలలో ఖాళీ చేయండి’ అనవచ్చా? ఉన్నదున్నట్టు చదివితే అనవచ్చనే అనిపిస్తుంది. లాకిన్ ఇద్దరికీ ఉంటుందని చాలామంది అద్దెదారులు అనుకుంటారు. అలా రాసి ఉంటేనే ఉంటుంది. నా మటుకు ఒక పక్షాన్ని మాత్రమే కట్టేసే లాకిన్ మంచి షరతు కాదు. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించి, గ్యాస్, ఇంటర్నెట్ కనెక్షన్లు మార్పించుకున్న కుటుంబానికి కూడా ఆరు నెలల భరోసా కావాలి.

ఇక చట్టం ఏమంటుందో కాస్త చూద్దాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్న మొత్తం కోర్టు దృష్టిలో గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ మొత్తానికి మించకుండా, న్యాయంగా తోచిన పరిహారాన్నే కోర్టు ఇప్పిస్తుంది. ఫతేచంద్ వర్సెస్ బాల్‌కిషన్ దాస్ కేసులో 1963లోనూ, కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లోనూ సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరించింది. అసలు నష్టమే జరగనప్పుడు పరిహారమూ ఉండదన్నది ఆ రెండో తీర్పు సారాంశం. నష్టాన్ని తగ్గించుకునే మార్గం అవతలివాళ్లకు ఉందా లేదా అన్నదీ చూడాలని అదే చట్టంలోని 73వ సెక్షన్ వివరణ చెబుతుంది. మన ఉదాహరణలో అద్దెదారు ఆగస్టు ఆఖరునే వెళ్లిపోయి, సెప్టెంబరు 20న కొత్తవాళ్లు దిగారనుకోండి. షరతు ప్రకారం మిగిలిన మూడు నెలలకు 72,000 కట్టాలని ఉన్నా, ఫ్లాటు ఖాళీగా ఉన్నది ఇరవై రోజులే. అదే ఇంటికి ఒకే కాలంలో ఇద్దరి దగ్గర అద్దె రాబట్టడాన్ని కోర్టులో సమర్థించుకోవడం ఓనరుకు కష్టం.

చట్టం ఇంత అనుకూలంగా ఉంటే ఉత్తరం ఎందుకంటారా? అడ్వాన్సు ఓనరు దగ్గరుంది కాబట్టి. అతను 48,000 మినహాయించుకుంటే కోర్టు మెట్లెక్కాల్సింది అద్దెదారే. పుణెలో ఉద్యోగం చేసుకుంటూ హైదరాబాద్‌లో సివిల్ కోర్టు వాయిదాలకు తిరిగే ఓపిక ఎందరికి ఉంటుంది? వకీలు ఫీజు, ప్రయాణాలు కలిపితే అడ్వాన్సుకు మించి ఖర్చవుతుంది. ఈ సంగతి ఓనర్లకూ తెలుసు, బ్రోకర్లకూ తెలుసు. కాబట్టి 74వ సెక్షన్ ఉందన్న ధీమాతో కూర్చోకుండా, ఇద్దరి మధ్యా మాట మంచిగా ఉన్నప్పుడే అర్థం తేల్చుకోవడం లాభం. బ్రోకరు ‘పేరుకే’ అన్నాడన్న వాదన నిలవదు. రాసుకున్న ఒప్పందంలోని షరతుకు విరుద్ధంగా, అంతకుముందు నోటితో అనుకున్న మాటను సాక్ష్యంగా తీసుకోకూడదన్నది సాక్ష్య చట్టంలో మొదటినుంచీ ఉన్న సూత్రం.

ఫోనులో అడగకూడదా? అడగవచ్చు, అడగాలి కూడా. ముందు ఫోను చేసి ‘అంకుల్, అగ్రిమెంటులో ఒకటి రెండు విషయాలు అర్థం కాలేదు, రాసి పంపుతాను, చూసి చెప్పండి’ అంటే ఉత్తరం అందుకునేసరికి ఆయన ఉలిక్కిపడడు. హఠాత్తుగా కాగితం వస్తే, వకీలు నోటీసు పంపినంత పని చేశాడనుకునే ఓనర్లు ఉంటారు. ఉత్తరం సుమారుగా ఇలా ఉండొచ్చు:

‘ఓనరు గారికి నమస్కారం. మీ కొండాపూర్ ఫ్లాటులో జూన్ నుంచి ఉంటున్నాం. ఇంటి విషయంలో మాకు ఏ ఇబ్బందీ లేదు. మే 18న మనం సంతకాలు చేసిన అగ్రిమెంటులో 4, 9 షరతుల గురించి మీ వివరణ కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఇచ్చే నోటీసు కాదని దయచేసి గమనించండి.

నేను అర్థం చేసుకున్నది ఇది. అగ్రిమెంటులో అద్దె కాలం జూన్ 1న మొదలైంది కాబట్టి ఆరు నెలల లాకిన్ నవంబరు 30తో ముగుస్తుంది. తాళాలు జూన్ 9న తీసుకున్నా ఈ లెక్క మారదు. మీరూ ఇలాగే అనుకుంటున్నారా?

9వ షరతులో చెప్పిన నెల నోటీసును లాకిన్ నడుస్తుండగా ఇవ్వవచ్చా? అంటే అక్టోబరు 31న నోటీసిస్తే నవంబరు 30న ఖాళీ చేయవచ్చా, లేక లాకిన్ ముగిశాకే నోటీసు ఇవ్వాలా?

లాకిన్ మీకూ వర్తిస్తుందా? ఈ ఆరు నెలల్లో మీ వైపు నుంచి ఖాళీ చేయమని నోటీసు ఉండదని అనుకోవచ్చా?

ఒకవేళ లాకిన్ లోపే వెళ్లాల్సి వస్తే, మిగిలిన కాలానికి కట్టాల్సింది అద్దె ఒక్కటేనా, మెయింటెనెన్సు కూడానా? ఆ మొత్తాన్ని అడ్వాన్సులోంచి మినహాయిస్తారా? మీకు నచ్చిన వేరే కుటుంబాన్ని నేనే చూపించి, వాళ్లు దిగితే, వాళ్ల అద్దె మొదలైన రోజు నుంచి నా బాధ్యత తీరుతుందా?

వచ్చే మే నుంచి అగ్రిమెంటు పొడిగించుకుంటే లాకిన్ మళ్లీ కొత్తగా మొదలవుతుందా?

మీకు వీలైనప్పుడు, వచ్చే ఆదివారంలోగా జవాబు రాస్తే సంతోషం. మనం అనుకున్నదంతా ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేసి అగ్రిమెంటుకు జత చేసుకుందాం.’

ఇందులో కొన్ని మాటలు ఎందుకు ఉన్నాయో చెప్పాలి. ‘ఇది నోటీసు కాదు’ అన్న వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. ఖాళీ చేయడం, అక్టోబరు, నవంబరు అన్న మాటలున్న ఉత్తరాన్ని పట్టుకుని ‘మీరు వెళ్తామని రాసిచ్చారు కదా, వేరేవాళ్లకు మాటిచ్చేశాను’ అనే అవకాశం ఓనరుకు మనమే ఇవ్వకూడదు. పుణె బదిలీ సంగతి ఉత్తరంలో లేదు, ఉండనవసరం లేదు. వెళ్లడం ఖాయమని తెలిశాక ఓనరు ఇచ్చే జవాబు వేరు, అంతకుముందు ఇచ్చే జవాబు వేరు. మీ ఓనరుతో మీకున్న చనువును బట్టి అది చెప్పాలో వద్దో మీరే తేల్చుకోండి. కానీ అడిగితే మాత్రం అబద్ధం ఆడొద్దు.

ప్రశ్నలన్నీ తేదీతోనో, అవును కాదు అనో జవాబు చెప్పేటట్టు ఉన్నాయి. ‘లాకిన్ గురించి వివరించగలరు’ అని వదిలేస్తే ‘అగ్రిమెంటులో ఉన్నట్టే’ అని ఒక ముక్క జవాబొస్తుంది. దానివల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అర్థమైనది ముందు మనమే రాసి, అది సరేనా అని అడిగితే ఓనరుకూ పని తేలిక. ఆయన ‘సరే’ అంటే చాలు.

కొందరు తెలివిగా ‘ఏడు రోజుల్లో జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాను’ అని చివర్లో చేరుస్తారు. ఇది పనికిరాదు. 1862లో ఇంగ్లండ్‌లో ఒక మేనమామో బాబాయో, ఫెల్ట్‌హౌస్ అనే ఆయన, తన అన్నదమ్ముల బిడ్డో అక్కచెల్లెళ్ల బిడ్డో అయిన కుర్రాడి గుర్రాన్ని కొనాలనుకున్నాడు. నీ నుంచి ఇంకే కబురూ రాకపోతే ముప్పై పౌన్ల పదిహేను షిల్లింగులకు గుర్రం నాదైనట్టే అని ఉత్తరం రాశాడు. కుర్రాడు జవాబు రాయలేదు. గుర్రం పొరపాటున వేలంలో అమ్ముడుపోయింది. వ్యవహారం కోర్టుకెళ్తే, ఎదుటివాడి మౌనాన్ని అంగీకారంగా మార్చే హక్కు నీకు లేదని తేల్చారు. లా కాలేజీల్లో ఇప్పటికీ ఈ గుర్రం కథ చెబుతారు. ఓనరు గారి మౌనానికీ అదే వర్తిస్తుంది.

జవాబు ఎవరి నుంచి వచ్చిందన్నదీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో చాలా ఫ్లాట్లకు అసలు యజమాని డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. ఇక్కడ అద్దె వసూలు చేసేది వాళ్ల నాన్నగారో బావమరిదో. అగ్రిమెంటు మీద యజమానిగా సంతకం ఎవరిదో, జవాబు కూడా వారిదే అయ్యుండాలి. వారి తరఫున సంతకం పెట్టే అధికారపత్రం ఉన్నవారైనా సరే. నాన్నగారు ‘ఫరవాలేదు బాబూ, వెళ్లిపో’ అన్నాక, అడ్వాన్సు దగ్గరికొచ్చేసరికి కొడుకు ‘నేనలా అనలేదే’ అంటే మళ్లీ కథ మొదటికొస్తుంది. జవాబు ఈమెయిల్‌లో వస్తే మంచిది. వాట్సాప్‌లో వచ్చినా పారేసేది కాదు గానీ, స్క్రీన్‌షాట్ ఒక్కటే దాచుకుని ఫోను మార్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో దాంతోపాటు ధ్రువపత్రం కావాలి, అసలు చాట్ ఉంటే బలం. అన్నిటికన్నా గట్టిది ఇద్దరూ సంతకం చేసిన జత కాగితం.

అగ్రిమెంటు ఎన్నాళ్లకన్నదీ ఒకసారి చూడండి. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. మీది మూడేళ్ల అగ్రిమెంటై, ఏడాది లాకిన్ ఉండి, రిజిస్టర్ కాకపోతే, ఆ లాకిన్‌ను కోర్టులో చూపించి అమలు చేయమనడం ఓనరుకు కష్టమవుతుంది. అలాంటి ఇంటి అద్దెను సాధారణంగా నెలనెలా సాగే అద్దెగానే చూస్తారు. దానికి 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. అయితే ఇది రెండువైపులా పదునున్న కత్తి. అదే పదిహేను రోజుల నోటీసు ఓనరు కూడా ఇవ్వగలడు. మీ అగ్రిమెంటు ఇలాంటిదైతే ఉత్తరం రాసే ముందు ఒక వకీలుకు చూపించడం మంచిది.

ఓనరు జవాబు ఇవ్వకపోతే? మన ఉదాహరణలో దారి ఇది. అక్టోబరు ఆఖరున నోటీసు స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపాలి. నవంబరు 30న ఖాళీ చేస్తున్నానని, లాకిన్ ఆ రోజుతో ముగుస్తుందని అందులో స్పష్టంగా రాయాలి. తాళాలు అప్పజెప్పిన రోజు గదుల ఫొటోలు తీసి, తాళాలు ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. కరెంటు బిల్లు, మెయింటెనెన్సు కట్టిన రసీదులు చూపాలి. ఓనరు డిసెంబరు అద్దె కావాలంటే, ఇల్లు చూడ్డానికి వచ్చే కొత్తవాళ్లకు మీరు అడ్డు చెప్పలేదని, తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయని చూపగలగాలి. బేరం అక్కడినుంచి సాగుతుంది. నెల అద్దెలో సగానికి ఒప్పుకుని అడ్వాన్సులో మిగతాది వెంటనే తీసుకోవడం చాలాసార్లు తెలివైన పనే. సూత్రం కోసం పోరాడి పూర్తి అడ్వాన్సు ఏడాది పాటు ఇరికించుకోవడం కంటే అది నయం.

అద్దె పెంచే సమయం ఈ షరతు మార్పించుకోవడానికి అన్నిటికన్నా అనువైనది. పెంపుకు మీరు సరే అంటున్నప్పుడు ఓనరు కూడా ఒక మాట వింటాడు. పాత అగ్రిమెంటు నకలు తీసి తేదీలు మార్చేసే బదులు, నాలుగో షరతు తీసేయించి ఈ మాటలు టైపు చేయించండి: ‘లాకిన్ ఫలానా తేదీన మొదలై ఫలానా తేదీన ముగుస్తుంది. అది ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. లాకిన్ ముగిసే రోజుకు ఖాళీ చేసేలా ఒక నెల ముందే నోటీసు ఇవ్వవచ్చు. లాకిన్ లోపు అద్దెదారు వెళ్లిపోతే, కొత్త అద్దెదారు దిగేదాకా లేదా లాకిన్ ముగిసేదాకా, ఏది ముందైతే అప్పటివరకు అద్దె చెల్లించాలి.’